ముందు ఒక్క సంచి కట్టి చూడండి

గృహప్రవేశానికి ముహూర్తం కుదిరి, కార్డులు అచ్చుకు వెళ్లాయంటే ఇంట్లో రిటర్న్ గిఫ్టుల మాట మొదలవుతుంది. హైదరాబాద్ వాళ్లయితే బేగంబజారుకు, విజయవాడ వాళ్లయితే వన్‌టౌనుకు బయల్దేరతారు. దుకాణంలో కంటికి నచ్చిన స్టీలు డబ్బానో, కుంకుమ భరిణెనో చేతిలోకి తీసుకుని ‘ఇవి నాలుగు వందలు కావాలి, ఎంతకిస్తారు?’ అని అడుగుతారు. బేరం తెగాక బయానా ఇచ్చి వచ్చేస్తారు. అది పట్టే సంచి ఏ కొలతలో ఉండాలి, ఎవరికి ఎన్ని ఇవ్వాలి, ఎవరు ఎక్కడ కూర్చుని కట్టాలి అన్న సంగతులు ఆ తర్వాత, ఒక్కొక్కటిగా, ఇబ్బంది ఎదురైనప్పుడు గుర్తుకొస్తాయి. ఈ వరస తలకిందులుగా ఉందన్నదే నేను చెప్పదలచుకున్న మాట. దుకాణం మెట్లెక్కి రేటు అడిగే ముందే ఇంట్లో బల్ల మీద ఒక్క సంచిని, లోపలికి వెళ్లే ప్రతి వస్తువుతో సహా, నిజంగా కట్టి చూడాలి. దీన్ని మచ్చు సంచి అందాం. ఎన్ని కావాలో, ఏ కొలతలో కావాలో అదే చెబుతుంది. అది తెలిశాక రాసే కొటేషన్‌కే అర్థం ఉంటుంది.

వస్తువులన్నీ ఒక్కొక్కటి చొప్పున చిల్లరగా కొంటే రేటు ఎక్కువ పడుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. పడుతుంది, నిజమే. ఒక సంచికి టోకున 250 రూపాయలయ్యే సరుకు విడిగా కొంటే 350 కావచ్చు. ఆ పైన పడ్డ 100 రూపాయలు దేనికి ఖర్చయ్యాయో తెలియాలంటే ఒక గృహప్రవేశం లెక్క మొదటి నుంచి చివరిదాకా వేసి చూడాలి. ఇక్కడ తీసుకున్న సంఖ్యలు, రేట్లు ఉదాహరణ కోసం వేసుకున్నవి. మీ ఊళ్లో, మీ సీజన్‌లో అవి వేరుగా ఉంటాయి. లెక్క నడిచే తీరు మాత్రం మారదు.

హైదరాబాద్‌లో ఒక కుటుంబం 180 కార్డులు పంచిందనుకుందాం. భోజనాలకు 430 మంది వస్తారని వంట మేస్త్రికి చెప్పారు. చాలామంది చేసే మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది: విస్తళ్ల లెక్కనే రిటర్న్ గిఫ్టుల లెక్కగా పట్టుకోవడం. 430 మందికి 430 సంచులు, ఒక్కోటి 250 రూపాయలు అనుకుంటే 1,07,500 అవుతుంది. అంత మొత్తం చూసి గుండె జారి, సంచిలో వస్తువులు తగ్గిస్తారు, నాసిరకానికి దిగుతారు. నిజానికి మన కార్డే అసలు లెక్క చెబుతోంది. ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని మనం పిలిచింది ఇంటిని, మనిషిని కాదు. సంచి ఇంటికి ఒకటి. అయితే తాంబూలం ఇంటికి కాదు, మనిషికి. ఒకే ఇంటి నుంచి అత్తా కోడలూ వస్తే ఇద్దరికీ విడివిడిగా బొట్టు పెట్టి తాంబూలం ఇస్తాం. ఒకరికిచ్చి ఇంకొకరిని వదిలేయడం మన ఇళ్లలో లేదు. పిల్లలకు ఏదైనా ఇవ్వాలనుకుంటే దాని లెక్క వేరు, అది పిల్లల తలకు ఒకటి. అంటే ఒకే వేడుకలో మూడు లెక్కలున్నాయి. వాటిని ఒకే సంఖ్య కింద కలిపి రాసినప్పుడే ఒకచోట మిగులు, ఇంకోచోట కొరత వస్తాయి.

కాబట్టి జాబితా రాసే కాగితంలో వస్తువు పేరు పక్కన ‘ఎన్ని’ అని కాకుండా ముందు ‘దేనికి’ అని ఒక గడి ఉండాలి. ఆ గడిలో ఇల్లు, తాంబూలం, పిల్ల అనే మూడు మాటల్లో ఒకటి రాయాలి. మన ఉదాహరణలో సంచి, నాలుగు సున్నుండలు పెట్టిన స్టీలు డబ్బా, చిన్న కుంకుమ భరిణె, ఇంటివాళ్ల పేర్లున్న చిన్న కార్డు ఇంటికి ఒక్కొక్కటి. జాకెట్టు ముక్క, పసుపు పొట్లం, కుంకుమ పొట్లం ఒక్కొక్కటి, రెండు తమలపాకులు, రెండు వక్కలు, రెండు అరటిపండ్లు తాంబూలానికి. పిల్లకు ఏటికొప్పాక బొంగరం ఒకటి. జాబితా మొత్తం ఇంతే. ఇందులో కొత్త వస్తువు చేర్చాలని ఎవరైనా అంటే, అది ఎంత బాగుందన్నది కాదు, ఏ గడిలోకి వెళ్తుందన్నది మొదట అడగాల్సిన మాట. భరిణె ఇంటికి ఒకటా, తాంబూలానికి ఒకటా అన్నది ముందే తేలకపోతే, వేడుక రోజు బల్ల దగ్గర నిలబడ్డ మేనకోడలు తనకు తోచినట్టు ఇచ్చేస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా భరిణెలు అయిపోతాయి.

ఇప్పుడు 180 కార్డుల నుంచి వచ్చే ఇళ్లు ఎన్నో చూడాలి. అన్నిటికీ ఒకే శాతం వేయడం తప్పు. దగ్గరి బంధువులు 60 ఇళ్లనుకుంటే దాదాపు అందరూ వస్తారు, 57 వేసుకోవచ్చు. అపార్ట్‌మెంటు వాళ్లు 48 ఇళ్లయితే 40. ఆఫీసు వాళ్లు 50 మందిలో 35. పొరుగూళ్ల వాళ్లు 22 ఇళ్లలో 12. మొత్తం 144. పిలవకుండా తోడుగా వచ్చేవాళ్ల కోసం, మర్చిపోయిన పేర్ల కోసం పదో వంతు కలిపితే 158, గుండుగా 160 సంచులు. తాంబూలాల దగ్గర ఇదే వర్గీకరణ ఇంకో కథ చెబుతుంది. బంధువుల ఇంటి నుంచి సగటున ఇద్దరు ఆడవాళ్లొస్తే 114. అపార్ట్‌మెంటు నుంచి ఇంటికి ఒకరు చొప్పున 40. ఆఫీసు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా ఒంటరిగానే వస్తారు కాబట్టి 15. దూరం నుంచి వచ్చే 12 ఇళ్ల నుంచి 24. కలిపితే 193, మిగులుతో 210. అంటే ఆఫీసు వాళ్లకు సంచులు ఎక్కువ, తాంబూలాలు తక్కువ. బంధువులకు సరిగ్గా దానికి ఎదురు. రెంటికీ ఒకే సంఖ్య వేసిన ఇంట్లో ఒకవైపు సంచులు గుట్టగా మిగిలి ఉంటాయి, ఇంకోవైపు జాకెట్టు ముక్కలు చాలక బీరువాలోంచి చీరల మీది రవికె గుడ్డలు తీస్తుంటారు.

ఇంటికొకటి అనే పద్ధతికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. ఆరుగురున్న ఉమ్మడి కుటుంబం ఊరి నుంచి రైలెక్కి వచ్చింది, ఆఫీసు నుంచి ఒక్కడు బైకు మీద వచ్చాడు, ఇద్దరికీ ఒకే సంచి ఇస్తే న్యాయమా అని. న్యాయం కాదు. ఆ తేడాను సరిదిద్దేవి తాంబూలం, పిల్లల లెక్కలే. ఆ ఆరుగురిలో ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు ఉంటే వాళ్ల చేతిలోకి సంచితోపాటు మూడు తాంబూలాలు, రెండు బొంగరాలు వెళ్తాయి. ఒకే గడపలో వేర్వేరు కాపురాలుంటే కార్డు ఒక్కటే ఇచ్చినా వాళ్లను రెండిళ్లుగా లెక్కవేయాలి. ఈ పద్ధతిని నేను సమర్థించడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. భర్త పోయిన ఆడవాళ్లకు బొట్టు పళ్లెం చూపించని ఇళ్లు ఇంకా ఉన్నాయి. కానుక మొత్తాన్ని తాంబూలంతో కలిపి కట్టేస్తే అలాంటి ఇంట్లో ఆ తల్లి వట్టి చేతులతో వెనుదిరుగుతుంది. సంచిని తాంబూలం నుంచి విడదీసి, పసుపు కుంకుమలతో సంబంధం లేకుండా ఇంటి పేరున ఇస్తే ఆ అవమానానికి చోటే ఉండదు. తాంబూలం ఆమెకూ ఇచ్చి తీరాలన్నది నా అభిప్రాయం. కాదనే పెద్దలున్న ఇంట్లో కూడా సంచి ఆగకూడదు. అందుకే కుంకుమ భరిణెను సంచిలో పెట్టాలా అని కూడా ఆలోచించాలి. దాని బదులు దీపపు కుందో, చిన్న గిన్నో పెడితే ఎవరి చేతికిచ్చినా సందేహం రాదు. మన జాబితాలో భరిణె కొట్టేసి, అదే బరువున్న చిన్న ఇత్తడి కుంది రాద్దాం.

ఇక మచ్చు సంచి సంగతికొద్దాం. వస్తువులన్నీ ముందేసుకుని కట్టడం మొదలుపెట్టగానే మొదట తేలేది కొలత. అడుగు మడత లేని చదునైన సంచిలో గుండ్రటి డబ్బా నిలవదు, పక్కకు పడుకుంటుంది. పడుకున్న డబ్బాలో సున్నుండలు ఒకదానికొకటి ఒరుసుకుని చిట్లుతాయి, నెయ్యి మూత అంచు నుంచి జారి సంచికి మరక పడుతుంది. డబ్బా అడ్డుకొలత కన్నా కొంచెం వెడల్పుగా అడుగు మడత ఉన్న సంచి కావాలని అప్పుడు తెలుస్తుంది. ముందే 160 సంచులు కొనేసి ఉంటే ఈ తెలివి ఎందుకూ పనికిరాదు. రెండో సంగతి, మచ్చు సంచిని అరటిపండ్లు, తమలపాకులతో సహా కట్టి ఒక రాత్రంతా పక్కన పెట్టాలి. తెల్లారి విప్పితే కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: తడి ఆకు తగిలిన చోట కుంకుమ పొట్లం కాగితం మెత్తబడి, జాకెట్టు ముక్క మడత మీద ఎర్రటి చార పడి ఉంటుంది. మూసిన సంచిలో అరటిపండు త్వరగా మాగుతుంది, ఆ వాసన మిఠాయికి పడుతుంది. కాబట్టి పచ్చివి సంచిలోకి ముందుగా వెళ్లకూడదు, చేతికిచ్చేటప్పుడే కలవాలి అన్న నిర్ణయం ఆ ఎర్రటి చార దగ్గరే జరిగిపోతుంది.

మూడోది మిఠాయి. నా దృష్టిలో మొత్తం జాబితాలో అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మోసం చేసేది దుకాణదారు కాదు, మనం వాడే కొలత. మచ్చు కోసం తెచ్చిన సున్నుండ ఒక్కోటి 40 గ్రాములు తూగిందనుకోండి. డబ్బాకు నాలుగు చొప్పున 160 డబ్బాలకు 640 కావాలి. అంటే 25.6 కిలోలు, గుండుగా 26 కిలోలు అని ఆర్డరిస్తారు. వేడుక ముందురోజు 26 కిలోలు కచ్చితంగా వస్తాయి, తూకంలో గ్రాము తేడా ఉండదు. కానీ ఈసారి చుట్టిన చెయ్యి వేరు, ఉండ 50 గ్రాములు. లెక్కేస్తే 520 ఉండలే ఉంటాయి, 130 డబ్బాలు నిండి 30 ఖాళీగా మిగులుతాయి. అందువల్ల మిఠాయి ఆర్డరు కిలోల్లో ఇవ్వకూడదు. ‘ఒక్కోటి 40 గ్రాములు, 660 ఉండలు’ అని రాయించుకోవాలి. పైన చేర్చిన 20 విరిగిపోయేవాటికి. మచ్చు ఉండ ఒకటి తయారీదారు దగ్గరే ఉంచితే ఇంకా మంచిది. ఏ మిఠాయి పెట్టాలన్న ప్రశ్నకూ మచ్చు సంచే జవాబు చెబుతుంది. కోవాతో చేసినవి ఒక పూట ఎండలో కారులో ఉంటే పాడవుతాయి. అతిథి ఇంటికి చేరి, మర్నాడు ఉదయం డబ్బా మూత తీసేదాకా నిలిచేదే సంచిలోకి అర్హం. విడిగా అమ్మే మిఠాయిలకు కూడా ఎప్పటిలోగా తినాలో తేదీ ప్రదర్శించాలన్న నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి దేశమంతటా అమలులో ఉంది. ఆ తేదీ అడిగి తెలుసుకుని డబ్బా మూత మీద చిన్న చీటీగా అంటించండి. అతిథికి అది సంచి మీది ముగ్గు కన్నా ఉపయోగం.

జాకెట్టు ముక్కలకూ ఇలాంటి మెలికే ఉంది. ముక్కలుగా కట్ చేసినవి కాక తాను కొంటే చవకని చాలామంది తాను కొంటారు. 25 మీటర్ల తానును 80 సెంటీమీటర్ల చొప్పున కోస్తే 31 ముక్కలొస్తాయి, మీటరు చొప్పున కోస్తే 25 మాత్రమే. 210 ముక్కలకు మొదటి లెక్కన 7 తానులు, రెండో లెక్కన 9 కావాలి. ఇంట్లో ఎవరో ‘మీటరు లేకపోతే ఎవరూ కుట్టించుకోరు’ అన్న మాట మీద రెండు తానుల ఖర్చు నిలబడి ఉందన్నమాట. ఆ మాటలో నిజముంది కూడా. లావుపాటి వాళ్లకు, పొడుగు చేతుల వాళ్లకు 80 చాలదు. కుట్టించుకోలేని ముక్క బీరువాల్లో చేతులు మారుతూ ఇంకో పేరంటానికి వెళ్తుంది. కాబట్టి మీటరుకే నా ఓటు. ఆ రెండు తానుల డబ్బు సంచి మీది అచ్చుపని మానేస్తే వచ్చేస్తుంది.

ఇంతదాకా వచ్చాకే కొటేషన్ అడగాలి, అదీ కాగితం మీద. స్టీలు డబ్బాకు ముగ్గురు ఇచ్చిన రేట్లు చూద్దాం, పన్ను సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టి. మొదటి దుకాణం డబ్బా 62 రూపాయలంది, కానీ 200కు తక్కువైతే ఇవ్వదు, ఆటో ఖర్చు మనదే. రెండోది తూకం మీద అమ్మేది, కిలో 540. మచ్చు డబ్బా 130 గ్రాములు తూగింది కాబట్టి ఒక్కోటి 70 రూపాయల 20 పైసలు పడుతుంది, ఆటో విడిగా. మూడోది 74 అంది, ఇంటికి చేరుస్తుంది, అట్టపెట్టె విప్పనివి మిగిలితే వారంలోగా వెనక్కి తీసుకుంటుంది. వినగానే 62 వైపు మనసు లాగుతుంది. ఇప్పుడు మన లెక్కతో చూడండి. కావాల్సినవి 160, చివరికి నిజంగా చేతులు మారేవి 150 అనుకుందాం. మొదటి చోట 200 కొనక తప్పదు, 12,400. ఆటోకు 600 కలిపితే 13,000. వాడుకున్న 150తో భాగిస్తే డబ్బా దాదాపు 87 రూపాయలు. రెండో చోట 11,232కు ఆటో కలిపితే 11,832, ఒక్కోటి దాదాపు 79. మూడో చోట 160కి 11,840 కట్టి, 10 వెనక్కిస్తే 740 తిరిగొస్తుంది. డబ్బా కచ్చితంగా 74. అన్నిటికన్నా ఎక్కువ రేటు చెప్పిన దుకాణమే అన్నిటికన్నా చవక. అందుకే కొటేషన్లను పోల్చాల్సింది వస్తువు రేటుతో కాదు, అతిథి చేతికి చేరిన ఒక్కో వస్తువుకు పడిన ఖర్చుతో. దానికి దుకాణదారుని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు: కనీసం ఎన్ని తీసుకోవాలి, పన్ను ఈ రేటులో ఉందా, ఇంటికి ఎవరు చేరుస్తారు, మిగిలితే వెనక్కి తీసుకుంటారా. తూకం మీద కొనేచోట ఇంకొకటి చూడాలి. మచ్చు డబ్బా 130 గ్రాములున్నా వచ్చే సరుకు 140 ఉండవచ్చు, అప్పుడు 160 డబ్బాల బిల్లు 11,232 కాక 12,096 అవుతుంది. ఇందులో అన్యాయమేమీ లేదు, మందమైన డబ్బాయే కదా. కానీ మన బడ్జెట్ కోసం ఆ తేడా ముందుగా తెలిసి ఉండాలి.

వెనక్కి తీసుకునే షరతు అంత విలువైనది కాబట్టే మిగులు ఎక్కడ ఉంచుకోవాలో అది నిర్ణయిస్తుంది. డబ్బాలు, కుందులు, సంచులు కొంచెం ఎక్కువే తెప్పించుకోవచ్చు. మిఠాయిలో, ఆకుల్లో, పండ్లలో మిగులంటే పారబోయడమే. అయినా ఆకులకు మిగులు తప్పదు. 210 తాంబూలాలకు 420 ఆకులు, చిరిగినవీ మచ్చలున్నవీ పోతాయి కాబట్టి 480 చెప్పాలి. కట్టకు ఎన్ని ఆకులో మార్కెట్టును బట్టి మారుతుంది, కట్టల్లో కాక ఆకుల్లో అడగాలి. అరటిపండ్లు 420 అంటే 35 డజన్లు, తొడిమ ఊడినవాటికి ఇంకో 3 డజన్లు. పిల్లలు 90 మంది వస్తారనుకుంటే ఏటికొప్పాక బొంగరాలు 100. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క రంగు పట్టించే చేతిపని అది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వంద బొంగరాలు ఒకేలా రావాలంటే ముహూర్తానికి వారం ముందు అడిగితే కుదరదు, కార్డులు అచ్చుకిచ్చేటప్పుడే ఆర్డరు ఇవ్వాలి.

సంచి విషయంలో చట్టం కూడా ఉంది. బట్టలా కనిపించే నాన్-ఓవెన్ సంచులు నిజానికి ప్లాస్టిక్కే, చదరపు మీటరుకు 60 గ్రాములకు తగ్గినవి 2021 సెప్టెంబరు 30 నుంచి నిషిద్ధం. దుకాణంలో చవగ్గా దొరికే పల్చటివి అంతకన్నా తక్కువ ఉండొచ్చు. తెలుసుకోవడం కష్టం కాదు: 35 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తున్న సంచి రెండు పక్కలూ కలిపి 0.28 చదరపు మీటర్లు, అంటే పిడులు కాకుండానే సుమారు 17 గ్రాములుండాలి. పది సంచులు కలిపి తూచితే 170 గ్రాములకు తగ్గకూడదు. మిఠాయి పెట్టెల చుట్టూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర కూడా 2022 జులై 1 నుంచి నిషిద్ధ వస్తువుల్లో ఉంది. నూలు సంచో జనపనార సంచో తీసుకుంటే ఈ తూకాల గొడవే ఉండదు, అతిథి మర్నాడు కూరగాయలకు పట్టుకెళ్తారు.

ఇదంతా ఎందుకు, రెడీమేడ్ హ్యాంపర్లు చేసిచ్చేవాళ్లున్నారు కదా అన్న మాట ఇక్కడ వస్తుంది. ఇంట్లో చేతులు లేనివాళ్లకు, చిన్న వేడుకలకు అది సరైన దారే. అయితే వాళ్లు కట్టేది సంచి మాత్రమే, లెక్క కాదు. ఎన్ని ఇళ్లో, ఎన్ని తాంబూలాలో వాళ్లకు తెలియదు, మనం చెప్పిన సంఖ్యకు కట్టి పంపుతారు. పచ్చి తాంబూలం ఎలాగూ ఇంటిపనే. పైగా విడివస్తువుగా ఉన్న డబ్బాను వెనక్కివ్వవచ్చు గాని కట్టేసిన హ్యాంపరును వెనక్కి తీసుకునేవాళ్లు అరుదు. వాళ్లకు అప్పజెప్పేవాళ్లు కూడా మచ్చు ఒకటి ముందు కట్టించుకుని, ఒక రాత్రి ఉంచి, విప్పి చూడాలన్నదే నా సలహా.

కట్టే రోజు సంగతి మచ్చు సంచి కట్టినప్పుడే సగం తేలిపోయి ఉంటుంది. వెనక్కివ్వడానికి వీలుగా 10 డబ్బాల అట్టపెట్టె విప్పకుండా ఉంచి, ముందుగా 150 సంచులే కట్టాలి. ఒక్కరే అటూ ఇటూ తిరుగుతూ సంచి కట్టడానికి 3 నిమిషాలు పట్టిందనుకుంటే 150 సంచులకు ఏడున్నర గంటలు. అదే ఐదుగురు బల్ల వెంట వరసగా కూర్చుంటే నడక పోతుంది. మొదటివాళ్లు సున్నుండలు డబ్బాలో పెడతారు, 40 సెకన్లు. రెండోవాళ్లు మూత బిగించి తేదీ చీటీ అంటిస్తారు, 15. మూడోవాళ్లు కుందిని కాగితంలో చుడతారు, 25. నాలుగోవాళ్లు సంచి విప్పి అడుగు మడత సరిచేసి కార్డు తగిలిస్తారు, 20. ఐదోవాళ్లు డబ్బాను అడుగున నిలిపి, పక్కన కుంది పెట్టి, సంచి మూతి మడిచి పక్కకు చేరుస్తారు, 30. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఎంతమంది ఎంత చురుగ్గా చేసినా సంచి 40 సెకన్లకు ఒకటే బయటికొస్తుంది, ఎందుకంటే సున్నుండల చెయ్యి అంత నెమ్మది. ఆ లెక్కన 100 నిమిషాలు. ఆరో మనిషి వస్తే చీటీల దగ్గరో కార్డుల దగ్గరో కూర్చోబెట్టడం దండగ, సున్నుండల దగ్గరే కూర్చోవాలి. అప్పుడు ఐదోవాళ్ల 30 సెకన్లే నెమ్మది చెయ్యి అవుతుంది, పని 75 నిమిషాల్లో ముగుస్తుంది. నెమ్మది చెయ్యి ఏదో మచ్చు కట్టేటప్పుడు గడియారం చూసుకుంటేనే తెలుస్తుంది.

వేగం కన్నా ముఖ్యమైనది లోటు పట్టుకోవడం. 150 సంచులు కట్టాక చివర ఒక కుంది అదనంగా మిగిలిందంటే ఏదో ఒక సంచిలో అది లేదు. అది ఏదో తెలియాలంటే అన్నీ విప్పాలి. అందుకని బల్ల మీద అన్ని వస్తువులూ ఒకేసారి గుమ్మరించకూడదు. పది డబ్బాలు, పది కుందులు, పది కార్డులు, పది సంచులు, నలభై సున్నుండలు మాత్రమే పెట్టాలి. పది సంచులు తయారయ్యేసరికి బల్ల ఖాళీ అవ్వాలి. ఏదైనా మిగిలితే తప్పు ఆ పదింటిలోనే ఉంది, అప్పుడే విప్పి చూడటం రెండు నిమిషాల పని. పదేసి సంచులు ఒక అట్టపెట్టెలో పెట్టి పైన అంకె వేస్తే 15 పెట్టెలు. మర్నాడు ఎన్ని వెళ్లాయో పెట్టెలు చూస్తే చాలు. వంటింటి కాటా మీద తూచి పట్టుకోవచ్చు కదా అంటే, కొంతవరకే. మన సంచి 60, డబ్బా 130, సున్నుండలు 160, కుంది 50, మొత్తం 400 గ్రాములు. కుంది లేని సంచి 350 చూపిస్తుంది, దొరికిపోతుంది. కానీ ఉండలు చేతిచుట్టువి, నాలుగింటి మీద పది పన్నెండు గ్రాముల తేడా మామూలే. తాంబూలం పొట్లంలో 10 గ్రాముల కుంకుమ లేకపోతే కాటాకు అందదు, బల్ల మీద మిగిలిన పొట్లమే చెప్పాలి.

తాంబూలం పొట్లాల పని వేరే రోజు పెట్టుకోవాలి. జాకెట్టు ముక్క, పసుపు, కుంకుమ, వక్కలు పొడివి కాబట్టి రెండు రోజుల ముందు 21 పదులుగా కాగితపు కవర్లలో సర్దేయవచ్చు. కుంకుమ పొట్లం ముక్క మడత లోపలికి పోకుండా కవరు అడుగున, పసుపు పక్కన ఉండాలి. ముక్క మడత అంచు పైకి కనిపిస్తే ఇచ్చేవాళ్లకు రంగు తెలుస్తుంది, ఒకే ఇంటివాళ్లకు ఒకే రంగు పడకుండా చూసుకుంటారు. మిఠాయి వరస ముందురోజు సాయంత్రం, ఎండ తగ్గాక. ఆకులు, పండ్లు వేడుక రోజు ఉదయమే. ఆకులు కడిగి, పొడిగుడ్డతో ఒత్తి, రెండేసి చొప్పున పళ్లెంలో పరిచి తడిగుడ్డ కప్పాలి. పండ్లు జంటలుగా కోసి బుట్టలో ఉంచాలి, విడివిడిగా కోస్తే తొడిమ దగ్గర నల్లబడతాయి.

ఇచ్చేచోట బల్లలు రెండు కావాలి, ఒకటి కాదు. బొట్టు పెట్టే చోట తాంబూలం, గుమ్మం దగ్గర సంచి. తాంబూలం బల్ల దగ్గర ఇంటి ఆడపడుచులు ఇద్దరుంటే ఒకరు కవరు మీద ఆకులు, పండ్లు పెట్టి అందిస్తారు, ఇంకొకరు బొట్టు పెడతారు. గుమ్మం దగ్గర మాత్రం బంధువుల ముఖాలూ అపార్ట్‌మెంటు ముఖాలూ రెండూ ఎరిగిన మనిషి ఉండాలి. ఒకే ఇంటి నుంచి అన్న ముందు, చెల్లెలు వెనక వెళ్లిపోతుంటే ఎవరి చేతికిచ్చామో గుర్తుండాలి కదా. అతిథిని నిలబెట్టి పేరు అడిగి టిక్కు పెట్టుకోవడం మర్యాద కాదు. అనుమానం వస్తే ఇంకోటి ఇచ్చేయడమే, పదో వంతు మిగులు ఉంచుకున్నది అందుకే. పిల్లల బొంగరాలు బుట్టలో గుమ్మం దగ్గరే, పిల్లల చేతికందే ఎత్తున ఉంచితే రంగు వాళ్లే ఎంచుకుంటారు.

సాయంత్రం పందిరి విప్పే ముందు, విప్పని పెట్టెలు పక్కకు తీసి మిగిలినవి లెక్కపెట్టి జాబితా కాగితం మీదే రాసుకోవాలి. తేదీ చీటీ ఉన్న డబ్బాల్లోని సున్నుండలు వంటవాళ్లకు, పందిరివాళ్లకు, వాచ్‌మన్ ఇంటికి ఆ రాత్రే వెళ్లాలి. ముందురోజు బల్ల మీదికి రాకుండా మిగిలిన అట్టపెట్టెలోని 10 డబ్బాలు, బిల్లుతో సహా, వారం దాటకుండా దుకాణానికి చేరాలి.